బుధుడు వక్రించిన ఆ 24 రోజులు

అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉద్యోగం చేస్తున్న మన పిల్లలు ఏదో ఒక రోజు ఈ మాట వినే ఉంటారు. ఒకరికి పంపాల్సిన ఈమెయిల్ ఇంకొకరికి వెళ్తుంది. విమానం ఆలస్యమవుతుంది. నిన్నటిదాకా బాగా పనిచేసిన లాప్‌టాప్ మొరాయిస్తుంది. పక్క సీటాయన నిట్టూర్చి, "మెర్క్యురీ రెట్రోగ్రేడ్‌లో ఉంది మరి, ఇంతే!" అంటాడు. మెర్క్యురీ అంటే బుధుడు, రెట్రోగ్రేడ్ అంటే మన పంచాంగాల్లో కనిపించే వక్రగతి. జాతకం ఎప్పుడూ చూపించుకోనివాళ్లకి కూడా అక్కడ ఈ ఒక్క జ్యోతిష పదం తెలుసు. కొందరు సరదాకి అంటారు. ఇంకొందరు ఏడాది మొదట్లోనే ఆ తేదీలు క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకుంటారు. ఆ మూడు వారాలూ ఒప్పందాల మీద సంతకాలు పెట్టరు, కొత్త ఫోను కొనరు, వ్యాపారం ప్రారంభించరు.

ఆ తేదీలు ఎవరో కల్పించినవి కావు. ఆకాశంలో బుధుడు ఆ రోజుల్లో వెనక్కి జరుగుతున్నట్టు కనిపించేది వాస్తవమే. ఏది కనిపిస్తుంది, ఏది నిజంగా జరుగుతుంది, వాటి మీద మనుషులు ఏం కట్టుకున్నారు అన్నవి మూడు వేర్వేరు సంగతులు. వాటిని విడదీసి చూస్తేనే ఈ వ్యవహారం అర్థమవుతుంది.

ముందు ఆకాశం సంగతి. బుధుడు సూర్యుణ్ణి 88 రోజుల్లో ఒకసారి చుట్టేస్తాడు. భూమికి ఏడాది పడుతుంది. బుధుడి సగటు వేగం సెకనుకు 47 కిలోమీటర్లు, మనది 30. లోపలి దారిలో, అంత వేగంగా తిరిగే బుధుడు సగటున 116 రోజులకోసారి వెనకనుంచి వచ్చి మనల్ని దాటి వెళ్తాడు. ఆ దాటే సమయంలోనే వక్రం ఏర్పడుతుంది.

ఎలాగో చూడాలంటే గుడిలో నవగ్రహ మండపం దగ్గరికి వెళ్దాం. ఆ మండపంలో ఎలాగూ నడిమధ్యన ఉండేది సూర్యుడే. మీరు బయటి వరసలో మెల్లగా ప్రదక్షిణ చేస్తున్నారు. మండపాన్ని ఆనుకుని లోపలి వరసలో ఒక కుర్రాడు మీకంటే చాలా వేగంగా తిరుగుతున్నాడు. ఇద్దరూ ఒకే దిశలోనే నడుస్తున్నారు. మండపం వైపు చూస్తూ, అవతలి గోడ మీది బొమ్మల్ని గుర్తుగా పెట్టుకుని అతన్ని గమనించండి. మండపానికి అవతల ఉన్నంతసేపూ అతను ఎడమనుంచి కుడికి జరుగుతున్నట్టు ఉంటుంది. చుట్టి వచ్చి, మీకూ మండపానికీ మధ్యలోంచి మిమ్మల్ని దాటేటప్పుడు అవే బొమ్మల మీదుగా కుడినుంచి ఎడమకి పోతాడు. కుర్రాడు ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు. మారింది మీ చూపు రేఖ మాత్రమే. ఇక్కడ గోడ మీది బొమ్మలంటే నక్షత్రాలు.

బుధుడు వెనక్కి మళ్లే ముందు, మళ్లీ ముందుకు తిరిగే ముందు ఒక్కో క్షణం కదలకుండా నిలబడ్డట్టు అనిపిస్తాడు. వీటిని స్తంభనలు అంటారు. మొదటి స్తంభన దగ్గర వక్రం మొదలవుతుంది, రెండో స్తంభనతో ముగుస్తుంది. సరిగ్గా మధ్యలో బుధుడు మనకూ సూర్యుడికీ నడుమ ఉంటాడు. కుజుడు, గురుడు, శని విషయంలో ఇది తిరగబడుతుంది. వాళ్లు బయటి దారిలో నెమ్మదిగా పోతుంటే మనమే దాటేస్తాం, అప్పుడు వాళ్లు వెనక్కి వెళ్తున్నట్టు అనిపిస్తుంది. మిగతా గ్రహాల వక్రం కంటే బుధుడి వక్రం ఎక్కువగా వార్తల్లోకి రావడానికి ఒక కారణం అది తరచుగా రావడమే. ఏడాదికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు.

ఒక్కో వక్రం దాదాపు 20 నుంచి 24 రోజులు ఉంటుంది. ఈ తేడా ఎందుకంటే బుధుడి కక్ష్య గుండ్రంగా ఉండదు. సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు దూరం 4.6 కోట్ల కిలోమీటర్లు, దూరంగా వెళ్లినప్పుడు 7 కోట్లు. దగ్గరున్నప్పుడు వేగం పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. ఏ భాగంలో ఉండగా మనల్ని దాటాడన్న దాన్ని బట్టి రోజులు మారతాయి. తేదీలు ఏటా ముందుకు జరగడానికీ లెక్క ఉంది. మూడు 116లు కలిపితే 348 రోజులు, అంటే ఏడాదికి 17 రోజులు తక్కువ. అందుకే 2024లో ఏప్రిల్ 1న మొదలైన వక్రం, 2025లో మార్చి 15న, 2026లో ఫిబ్రవరి 26న మొదలైంది.

ఈ మూడింట్లో 2024 ఏప్రిల్ వక్రాన్ని దగ్గరగా చూద్దాం. పాశ్చాత్య జ్యోతిష్కులు వాడే గ్రహస్థితి పట్టికను ఎఫిమెరిస్ అంటారు. అందులో బుధుడి వరసలో ఆ ఏడాది మార్చి 18న అతను మేషంలో 16వ డిగ్రీ దగ్గర ఉన్నాడు. ముందుకే వెళ్తున్నాడు. మార్చి 24న సాయంత్రపు ఆకాశంలో సూర్యుడికి 19 డిగ్రీల దాకా ఎడంగా జరిగాడు. పడమటి దిక్కున అతన్ని చూడడానికి ఆ సీజన్‌లో అదే మంచి అదను. ఆ తర్వాత పట్టికలో రోజుకీ రోజుకీ మధ్య తేడా తగ్గుతూ వస్తుంది. ఏప్రిల్ 1న 27 డిగ్రీలు దాటి ఆగిపోయాడు. అమెరికా గడియారంలో అది ఏప్రిల్ 1 సాయంత్రం, మనకి ఏప్రిల్ 2 తెల్లవారుజాము. అక్కడినుంచి అంకెలు తగ్గడం మొదలవుతుంది. ఏప్రిల్ 11న సూర్యుడితో కలిశాడు. ఏప్రిల్ 25న 16వ డిగ్రీ దగ్గర, అంటే మార్చి 18న ఉన్నచోటే మళ్లీ నిలబడ్డాడు. ముందుకు మళ్లి, మే 13న తను మొదట వక్రించిన 27వ డిగ్రీని రెండోసారి దాటాడు. మొత్తం వెనక్కి వెళ్లింది 11 డిగ్రీల పైచిలుకు. చెయ్యి చాపి పట్టుకున్న పిడికిలి ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు కప్పుతుంది. అంతకంటే కొంచెం ఎక్కువ.

ఈ మార్చి 18, మే 13 తేదీలను ప్రత్యేకంగా ఎందుకు చెప్పానంటే, నేటి పాశ్చాత్య జ్యోతిష్కులు చాలామంది వీటిని కూడా లెక్కలోకి తీసుకుంటారు. బుధుడు మొదటిసారి ఆ భాగంలోకి అడుగుపెట్టిన రోజునుంచి వక్రం మొదలయ్యేదాకా 'ముందు నీడ', వక్రం ముగిశాక ఆ భాగాన్ని పూర్తిగా దాటేదాకా 'తర్వాతి నీడ' అంటారు. ఒకే నేల మీదుగా మూడుసార్లు నడుస్తాడు కాబట్టి, మొదటిసారి బయటపడిన విషయం రెండోసారి తిరగబడుతుందనీ, మూడోసారి తేలుతుందనీ వాళ్ల వివరణ.

ఆ ఏప్రిల్ 8న మరో సంగతి జరిగింది. ఉత్తర అమెరికా మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే డాలస్ ఆ గ్రహణ మార్గంలోనే ఉంది. అక్కడ దాదాపు నాలుగు నిమిషాలు పట్టపగలు చీకటి పడింది. సూర్యుడికి ఒక పక్క శుక్రుడు, మరో పక్క గురుడు మెరిశారు. బుధుడు కూడా అక్కడే, సూర్యుడికి బాగా దగ్గర్లో, గురుడి వైపునే ఉన్నాడు. కానీ మామూలు కంటికి ఆనలేదు. మూడు రోజుల్లో మనకూ సూర్యుడికీ మధ్యకి రాబోతున్నాడు కనుక, వెలుగు పడే వైపు సూర్యుడికేసి, చీకటి వైపు మనకేసి తిరిగి ఉంది. సన్నటి నెలవంక లాంటి అంచు తప్ప మిగలలేదు. బుధ వక్రంలో నడిమి రోజులు ఎప్పుడూ ఇంతే. అందరూ బుధుడి పేరెత్తే రోజుల్లో ఆకాశంలో బుధుణ్ణి చూడటం మాత్రం కుదరదు.

ఇక నమ్మకం సంగతి. రోమన్ల పురాణంలో మెర్క్యురీ దేవతల వార్తాహరుడు, వర్తకుల దేవుడు, ప్రయాణికుల రక్షకుడు. పాశ్చాత్య జ్యోతిషం ఈ గ్రహానికి మాట, రాత, బేరం, ప్రయాణం అప్పగించింది. కాలం మారేసరికి ఆ జాబితాలో ఫోన్లు, కంప్యూటర్లు కూడా చేరాయి. అలాంటి గ్రహం వెనక్కి నడిస్తే ఈ పనులన్నీ తడబడతాయన్నది దీని తర్కం. మూలం పాతదే. ఇంగ్లండు జ్యోతిష్కుడు విలియం లిల్లీ 1647లో అచ్చు వేసిన 'క్రిస్టియన్ ఆస్ట్రాలజీ'లో గ్రహాల బలాబలాలకి మార్కులు వేశాడు. సూటిగా నడిచే గ్రహానికి నాలుగు మార్కులు కలిపితే, వక్రించిన గ్రహానికి ఐదు తీసేశాడు. కానీ అది గ్రహాలన్నిటికీ వర్తించే ఒక చిన్న అంశం, ఇంకెన్నో లెక్కల్లో ఒకటి. లిల్లీని ఎవరైనా వచ్చి ఒక ప్రశ్న అడిగితే అతను ఆ క్షణానికి చక్రం వేసి, అన్ని లెక్కలూ చూసి జవాబు చెప్పేవాడు. అందరికీ ఒకేసారి, ఒకే నెలలో, ఒకే రకం ఇబ్బంది అన్న రూపం ఆధునిక కాలంలో వచ్చింది. 1930లో లండన్ 'సండే ఎక్స్‌ప్రెస్' పత్రికలో ఆర్.హెచ్. నేలర్ జ్యోతిష శీర్షిక మొదలయ్యాక పత్రికా జ్యోతిషం పెరిగింది. జాతకం తెలియకపోయినా పాఠకుడికి చెప్పగలిగే సంగతులు కావాల్సి వచ్చాయి. బుధ వక్రం దానికి సరిగ్గా సరిపోయింది. అందరికీ ఒకే తేదీ, అందరికీ ఎదురయ్యే చికాకులు.

నమ్మేవాళ్లు నిజంగా ఎలా ప్లాన్ చేసుకుంటారో ఒక ఇంటి కొనుగోలు మీద వేసి చూద్దాం. అమెరికాలో ఒక జంట 2024 మార్చి మొదట్లో ఇల్లు బేరం కుదుర్చుకున్నారనుకుందాం. బ్యాంకు వడ్డీ రేటును 45 రోజులపాటు మారకుండా కట్టేసింది. అక్కడ 30, 45, 60 రోజుల గడువులు మామూలే. మార్చి 5న గడువు మొదలైతే ఏప్రిల్ 19తో ముగుస్తుంది. రిజిస్ట్రేషన్ లాంటి తుది సంతకాలు ఏప్రిల్ 12న. ఇంతలో ఇంట్లో ఎవరో బుధ వక్రం సంగతి గుర్తుచేశారు.

కచ్చితంగా పాటించేవాళ్లైతే ఏప్రిల్ 25 దాటేదాకా సంతకం వద్దంటారు. నీడని కూడా లెక్కపెట్టేవాళ్లు మే 13 దాకా ఆగమంటారు. ముందుకు జరుపుదామంటే మార్చి 18నుంచే ముందు నీడ. అంటే ఆ జంటకి దొరికే మంచి రోజులు మార్చి 17లోపు, లేదా మే 14 తర్వాత. మొదటిది కాగితాలు సిద్ధం కాక కుదరదు. రెండోది కుదరాలంటే రేటు గడువు పొడిగించాలి, దానికి రుసుము కట్టాలి. అమ్మేవాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఇల్లే చేజారిపోవచ్చు. ఇక్కడ ఈ నమ్మకానికి డబ్బు రూపంలో ఒక ధర పడుతుంది, ఆ ధర ఎంతో ముందే లెక్క వేసుకోవచ్చు కూడా.

అనుభవం ఉన్న జ్యోతిష్కులు చాలామంది ఇలాంటి చోట మెత్తబడతారు. స్తంభన పడే రోజుకు అటూ ఇటూ రెండు మూడు రోజులు తప్పిస్తే చాలంటారు కొందరు. మార్చిలోనే కుదిరిన బేరం కాబట్టి ఇది కొత్త పని కాదు, పాత పనిని పూర్తిచేయడమే, పర్వాలేదంటారు ఇంకొందరు. పుట్టినప్పుడే బుధుడు వక్రంలో ఉన్నవాళ్లకి ఇబ్బంది ఉండదనేవాళ్లూ ఉన్నారు. ఏడాదిలో సుమారు ఐదో వంతు కాలం బుధుడు వక్రంలోనే ఉంటాడు కాబట్టి అలాంటివాళ్లు మనలో ఐదుగురిలో ఒకరు ఉంటారు. ఆఖరికి దాదాపు అందరూ ఇచ్చే సలహా ఒకటే: తప్పనిసరి అయితే సంతకం పెట్టండి, కానీ ప్రతి పేజీ చదవండి, పేర్లూ అంకెలూ సరిచూసుకోండి, ఫైళ్లకి ఇంకో కాపీ ఉంచుకోండి, ప్రయాణానికి అదనపు సమయం పెట్టుకోండి.

ఈ చివరి సలహాలో నాకు అభ్యంతరమేమీ లేదు. నిజానికి ఆ జంటకి బుధుడితో పనిలేని ఒక ప్రమాదం పొంచి ఉంది. అమెరికాలో ఇంటి తుది చెల్లింపు ముందు మోసగాళ్లు ఈమెయిల్‌లోకి చొరబడి, ఏజెంటు పేరుతోనే 'డబ్బు పంపాల్సిన ఖాతా మారింది' అని ఉత్తరం పెడతారు. నమ్మి పంపితే జీవితకాలపు పొదుపు ఒక్క పూటలో పోతుంది. దానికి మందు ఒక్కటే. ఆ ఈమెయిల్‌లో ఉన్న నంబరుకి కాకుండా, ముందునుంచీ మన దగ్గరున్న నంబరుకి ఫోన్ చేసి ఖాతా వివరాలు నోటితో చెప్పించుకోవాలి. బుధ వక్రమని భయపడి ఎవరైనా ఆ ఫోన్ చేస్తే మంచిదే. వక్రం అయిపోయిందని మే నెలలో ఆ ఫోన్ మానేస్తే మాత్రం నష్టం అదే.

మరి వక్రంలో నిజంగా తేడాలు ఎక్కువ జరుగుతాయా? నమ్మేవాళ్లు తరచుగా ఎత్తి చూపే సాక్ష్యం అమెరికా అధ్యక్ష ఎన్నికలు. 2000 నవంబర్ 7న పోలింగు రాత్రే బుధుడు వక్రం ముగించి ముందుకు మళ్లాడు. ఆ రాత్రి టీవీ చానళ్లు ఫ్లోరిడాని ముందు గోర్‌కి ఇచ్చి వెనక్కి తీసుకున్నాయి. తర్వాత బుష్‌కి ఇచ్చి మళ్లీ వెనక్కి తీసుకున్నాయి. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లి డిసెంబర్ 12 తీర్పుతో తేలింది. బుష్ ఆధిక్యం 537 ఓట్లు. సరిగ్గా ఇరవై ఏళ్ల తర్వాత, 2020 నవంబర్ 3న పోలింగు రోజునే మళ్లీ బుధుడు వక్రం వదిలాడు. ఈసారి విజేత పేరు చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. ఇరవై ఏళ్లకి బుధుడు దాదాపు అదే తేదీకి అదే చోటికి రావడం గ్రహగణితంలో మామూలు సంగతి. ఇరవై ఏళ్లలో 116 రోజుల చుట్లు 63 దాకా పూర్తవుతాయి, తేడా ఐదు రోజులే. అందుకే ఒకసారి నవంబర్ 7, ఇంకోసారి నవంబర్ 3.

ఈ రెండే చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఈ రెంటి మధ్య 2012 ఉంది. ఆ ఏడాది నవంబర్ 6న, పోలింగు సాగుతుండగానే, వాషింగ్టన్ గడియారంలో సాయంత్రం ఆరింటికి బుధుడు వక్రించాడు. స్తంభన రోజే అత్యంత గడ్డు రోజని చెప్పే నియమం ప్రకారం అది మిగతా రెంటికంటే తక్కువది కాదు. ఆ రాత్రే ఒబామా గెలుపు ఖరారైంది, అర్ధరాత్రికి ముందే. ఫ్లోరిడాలో ఓట్ల లెక్కింపు మాత్రం మరో నాలుగు రోజులు సాగింది. నమ్మేవాళ్లు దాన్ని పట్టుకుని 'చూశారా' అనవచ్చు. కానీ దాని వల్ల ఫలితం మారలేదు, దేశం ఆగలేదు. అసలు చిక్కు ఇక్కడే బయటపడుతుంది. ముందే 'ఇది జరిగితే నిజం, జరగకపోతే కాదు' అని గీత గీసుకోకపోతే ఏ ఎన్నికలోనైనా ఏదో ఒక ఆలస్యం దొరుకుతుంది.

పైగా ఆ ఆలస్యాలకి నేలమీదే కారణాలు ఉన్నాయి. 2000లో ఫ్లోరిడా పామ్ బీచ్ కౌంటీలో బ్యాలెట్ కాగితం రెండు పేజీలుగా, మధ్యలో రంధ్రాలు పొడిచేలా ముద్రించారు. ఎవరికి వేస్తున్నామో చాలామందికి అర్థం కాలేదు. పొడిచిన కాగితపు ముక్క పూర్తిగా ఊడకపోతే అది ఓటా కాదా అన్న గొడవ వారాలు నడిచింది. 2020లో కోవిడ్ వల్ల కోట్లమంది పోస్టులో ఓటేశారు. పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాల్లో పోలింగు రోజు ఉదయం దాకా ఆ కవర్లు విప్పడానికే చట్టం ఒప్పుకోలేదు. ఈ రెండు కారణాలూ ఎన్నికకి నెలల ముందే తెలుసుకోగలిగినవి, సరిదిద్దగలిగినవి. బుధుడి మీదికి నెట్టేస్తే బ్యాలెట్ కాగితాన్ని బాగుచేయాలన్న ఆలోచనే రాదు.

రోజుల లెక్క కూడా ఒకసారి చూడండి. 2024లో వక్రపు రోజులు మాత్రమే తీసుకుంటే సుమారు 70. నీడలు కలిపితే జనవరి మొదటి మూడు వారాలు, మార్చి 18నుంచి మే 13, జూలై మధ్యనుంచి సెప్టెంబర్ 11, నవంబర్ 7నుంచి డిసెంబర్ ఆఖరు. కూడితే ఏడాదిలో సగం దాటిపోయింది. సగం రోజులు అనుమానంలో పెట్టుకుంటే, జరిగే తప్పుల్లో సగం వాటిలోనే పడతాయి. మిగతా సగంలో పాడైన ఫోన్లని ఎవరూ గుర్తుపెట్టుకోరు, వాటికి పేరు లేదు కనుక. ఇది మీ ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఏడాదిపాటు పోయిన ఫోన్లు, తప్పిన రైళ్లు, తిరగబడ్డ బేరాలు జరిగిన రోజునే డైరీలో రాసుకోండి. బుధుడి తేదీలు చూడకుండా రాయాలి, అది ముఖ్యం. ఏడాది చివర రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

బుధుడి దగ్గరికే వెళ్లి చూసిన సందర్భం కూడా ఒకటి ఉంది. నాసా పంపిన మెసెంజర్ నౌక 2011 మార్చి 18న బుధుడి కక్ష్యలోకి చేరింది. బుధుడి చుట్టూ తిరిగిన మొదటి నౌక అదే. అక్కడినుంచి తొలి ఫొటో మార్చి 29న తీసింది. మర్నాడు, మార్చి 30న బుధుడు వక్రించాడు. ఏప్రిల్ 4న, వక్రం నడుస్తుండగానే, నౌక అసలు పరిశోధన ప్రారంభించింది. సమాచారం తడబడుతుందన్న రోజుల్లో, ఆ గ్రహం పక్కనుంచే కోట్ల కిలోమీటర్లు దాటి ఫొటోలూ కొలతలూ భూమికి చేరాయి. ఆ పని 2015 దాకా సాగింది, మధ్యలో వక్రాలు ఎన్నో వచ్చి వెళ్లాయి. గ్రహాల స్థితి వల్ల నిజంగా సంకేతాలు ఆగే సందర్భం వేరే ఉంది. గ్రహం సూర్యుడికి అవతలి పక్కకి వెళ్లినప్పుడు సూర్యుడి వేడి వాయువులు రేడియో సంకేతాల్ని చెడగొడతాయి. అంగారకుడు అలా వెళ్లినప్పుడు నాసా సుమారు రెండు వారాలు అక్కడి నౌకలకి ఆదేశాలు పంపడం మానేస్తుంది. బుధుడు వక్రం మధ్యలో ఉండేది మాత్రం సూర్యుడికి ఇవతల, మనకి దగ్గరగా.

మన పంచాంగం ఈ విషయంలో ఏమంటుందో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. బుధుడి వక్రారంభం, వక్రత్యాగం మన పంచాంగకర్తలూ లెక్కగడతారు. సూర్యసిద్ధాంతం వక్రం, అతివక్రం, మందం, శీఘ్రం అంటూ గ్రహగతుల్ని ఎనిమిది రకాలుగా చెప్పింది. తేదీలు రెండు పద్ధతుల్లోనూ ఒకటే, ఎందుకంటే గ్రహం ఒకటే. రాశులే వేరు. పాశ్చాత్యులు వసంత విషువత్తునుంచి మేషం లెక్కపెడతారు, మనవాళ్లు నక్షత్రాలనుంచి. మధ్యలో ఉన్న సుమారు 24 డిగ్రీల తేడానే అయనాంశ. అందుకే 2024 ఏప్రిల్‌లో పాశ్చాత్యులకి బుధుడు వక్రమంతా మేషంలోనే ఉంటే, మన లెక్కలో క్రోధి ఉగాది నాడు, ఏప్రిల్ 9న, మేషంనుంచి మీనంలోకి వెనక్కి వచ్చాడు.

ఫలితం దగ్గరికి వస్తే రెండు శాస్త్రాలూ ఎదురెదురుగా నిలబడతాయి. లిల్లీ వక్రించిన గ్రహానికి మార్కులు తీసేస్తే, మన జ్యోతిషంలో చేష్టాబలం లెక్కలో వక్రించిన గ్రహానికే అత్యధిక బలం, మొత్తం 60కి 60. మన ఇళ్లలో పెళ్లికి, గృహప్రవేశానికి మూఢం చూస్తారు. అది గురుడో శుక్రుడో సూర్యుడికి దగ్గరగా వెళ్లి కనపడకుండా పోయే కాలం. బుధుడు వక్రించాడని ముహూర్తం ఆపిన ఇల్లు అరుదు. ఒకే గ్రహం, ఒకే రోజులు, ఒకే కదలిక. ఒక సంప్రదాయం బలహీనం అంది, ఇంకోటి బలం అంది. కదలికలోనే ఫలితం ఉండి ఉంటే ఇద్దరికీ ఒకటే కనపడాలి. ఇప్పుడు అమెరికానుంచి ఫోన్ల ద్వారా వచ్చిన భయాన్ని మన సంప్రదాయమే అనుకుని పాటించేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే బాగుంటుంది.

నా ఉద్దేశం సూటిగా చెప్తాను. ఫైళ్లకి కాపీ ఉంచుకోవడం, కాగితాలు రెండుసార్లు చదవడం, పాత స్నేహితుణ్ణి పలకరించడం ఏ వంకతో చేసినా మంచిదే. ఆగినందుకు ఖర్చయ్యే చోట మాత్రం ఆగకండి. గడువున్న ఉద్యోగపు ఆఫర్‌కి జవాబు, డాక్టరు తేదీ ఇచ్చిన ఆపరేషన్, రేటు కుదిరిన ఇల్లు. వీటికి బుధుడి తేదీలు చూడాల్సిన పనిలేదు.

చూడాల్సిన తేదీ ఒకటి ఉంది. వక్రం నడిమధ్యలో బుధుడు మామూలుగా సూర్యుడికి కాస్త పైనుంచో కిందనుంచో దాటిపోతాడు. ఎప్పుడో ఒకసారి సరిగ్గా సూర్యబింబం మీదుగానే నడుస్తాడు. దాన్ని బుధ సంక్రమణం అంటారు. 2019 నవంబర్ 11న అలా జరిగింది కానీ మనకి అప్పటికి చీకటి పడింది. తర్వాతిది 2032 నవంబర్ 13న. మన గడియారంలో మధ్యాహ్నం పన్నెండు దాటాక మొదలై సాయంత్రం నాలుగున్నర దాటాక ముగుస్తుంది కాబట్టి, మబ్బు లేకపోతే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మొదటినుంచి చివరిదాకా చూడవచ్చు. బుధుడి చుక్క సూర్యబింబంలో దాదాపు రెండు వందలో వంతు వెడల్పే ఉంటుంది. గ్రహణం కళ్లద్దాలతో కనపడదు, టెలిస్కోపు కావాలి. దాని ముందు భాగాన తప్పనిసరిగా సోలార్ ఫిల్టర్ బిగించాలి, లేకపోతే కన్ను పోతుంది. మీ ఊరి బడిలో సైన్సు మాస్టారికి ఈ తేదీ ఇప్పుడే చెప్పి పెట్టండి.